క్యాష్ ఆన్ డెలివరీ రిటర్నుల లెక్క: కాలేజీ క్లబ్‌లో ఐదు నిమిషాల ప్రసంగం కోసం

ప్రశ్న: అక్కా, అన్నా, నేను కడపలో బీటెక్ చదువుతూ ఏడాదిగా ఇంట్లోంచే మాధవరం చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక చిన్న వెబ్‌సైట్ ఉన్నాయి. మా కాలేజీ ఎంట్రప్రెన్యూర్‌షిప్ క్లబ్‌లో ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేర్చుకున్నవన్నీ రాస్తే పది పేజీలయ్యాయి. ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి?

సమాధానం:

ఆ పది పేజీలు పక్కన పెట్టు చెల్లీ. ఐదు నిమిషాల్లో నిదానంగా మాట్లాడితే నాలుగైదు వందల మాటలు పడతాయి, అంతే. అందులోనే పేరు పెట్టడం, ఫొటోలు, రీల్స్, ప్యాకింగ్, జీఎస్టీ అన్నీ చెప్పబోతే వినేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. ఒకే విషయం తీసుకో. నన్నడిగితే అది క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చే పార్శిళ్ల సంగతి.

ఎందుకంటే నీ ముందు కూర్చునే వాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆర్డర్ పెట్టి, పార్శిల్ వచ్చాక "వద్దులే అన్నా" అని వెనక్కి పంపినవాళ్లే. కొనేవాళ్ల వైపు నుంచి అది వాళ్లకి బాగా తెలుసు. అమ్మేవాళ్ల వైపు నుంచి చూసినవాళ్లు మాత్రం ఆ హాలులో నువ్వొక్కదానివే ఉండొచ్చు. పైగా మనలాంటి చిన్న షాపులో లాభం మిగిలేదీ, ఆవిరయ్యేదీ ఇక్కడే. నేను కూడా కడప నుంచే ఏళ్లుగా చీరలు పంపుతున్నాను. నెలాఖరున నేను ముందు చూసేది ఎన్ని అమ్ముడయ్యాయన్నది కాదు, ఎన్ని తిరిగొచ్చాయన్నదే.

బోర్డు మీద ఒక చీర లెక్క వెయ్యి. ఉదాహరణకి నేను కొన్ని అంకెలు ఇస్తున్నాను, వాటి బదులు నీ పుస్తకంలో ఉన్నవి వేసుకో. మాధవరం కాటన్ చీర నేతగాడి దగ్గర 750 రూపాయలకి తెచ్చి 1,150కి అమ్ముతున్నావు అనుకుందాం. కవరు, స్టిక్కరు, లోపల వేసే పల్చటి కాగితం కలిపి 20. కొరియర్ 80. డబ్బు వసూలు చేసి ఇచ్చినందుకు కొరియర్ వాడు తీసుకునేది 40. ఆ ఒక్క ఆర్డర్ రావడానికి ప్రకటనల మీద అయిన ఖర్చు 120. ఇవన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది 140 రూపాయలు. జీఎస్టీని ఇందులో కలపలేదు, బోర్డు మీద అది కూడా వేస్తే అసలు సంగతి మరుగున పడిపోతుంది.

ఇప్పుడు అదే చీర తిరిగొచ్చిందనుకో. చీర భద్రంగానే ఉంది కదా, నష్టమేముంది అనుకుంటారు వినేవాళ్లు. అక్కడ ఆగి ఒక్కొక్కటే రాయి. పోయేటప్పుడు కొరియర్ 80, వచ్చేటప్పుడు 75. వసూలు రుసుము మాత్రం తిరిగొచ్చిన పార్శిల్‌కి సాధారణంగా పడదు. ప్యాకింగ్ 20 పోయింది, ప్రకటన ఖర్చు 120 పోయింది. మడతలు నలిగిపోయి వస్తుంది కాబట్టి మళ్లీ ఇస్త్రీ చేయించి మడత పెట్టించడానికి 15. మొత్తం 310 రూపాయలు. అంటే ఒక్క చీర తిరిగొస్తే రెండు చీరలు అమ్మి సంపాదించింది పోయి, ఇంకా 30 రూపాయలు చేతి నుంచి పడతాయి.

తర్వాత దాన్ని వంద ఆర్డర్లకి వెయ్యి. ఇరవై తిరిగొస్తే, ఎనభై చీరల మీద వచ్చింది 11,200, ఇరవై చీరల మీద పోయింది 6,200, మిగిలింది 5,000. ముప్పై తిరిగొస్తే మిగిలేది 500 మాత్రమే. ముప్పై ఒకటి దాటిందా, చేతి డబ్బు ఎదురు పెట్టుకుని అమ్ముతున్నట్టే. అదే రిటర్నులు పదికి తగ్గితే మిగిలేది 9,500. ఈ చివరి అంకె చెప్పాక కాసేపు ఆగు. కొత్తగా ఒక్క ఆర్డర్ కూడా రాకుండా, ప్రకటనకి ఒక్క రూపాయి పెంచకుండా, ఇరవై రిటర్నుల్ని పది చేస్తే లాభం దాదాపు రెట్టింపైంది. హాలులో పెన్ను తీసి రాసుకునేవాళ్లు ఉంటే అక్కడే రాసుకుంటారు.

ఇంకో నష్టం ఈ లెక్కలో కనపడదు, దాన్ని నోటితో చెప్పు. పార్శిల్ పోయి, అక్కడ తిరిగి, వెనక్కి వచ్చేసరికి రెండు మూడు వారాలు గడిచిపోతాయి. నేతగాడికి మనం డబ్బు ముందే ఇచ్చేస్తాం. ఇరవై చీరలు దారిలో ఉన్నాయంటే 15,000 రూపాయల సరుకు ఎవరి చేతిలోనూ లేకుండా లారీల్లో తిరుగుతోందని అర్థం. ఆ డబ్బే మన చేతిలో ఉంటే పండగ ముందు ఇంకో ఇరవై చీరలు తెచ్చుకునేవాళ్లం. పుస్తకంలో లాభం కనపడుతూనే, నేతగాడికి ఇవ్వడానికి చేతిలో పైసా లేని పరిస్థితి చాలా చిన్న షాపులకి వస్తుంది. అందుకు ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

ఇక ఎందుకు తిరిగొస్తాయన్నది. చాలామంది కొన్నవాళ్లని తిట్టడంతో మొదలుపెడతారు. నువ్వు ఆ పని చెయ్యొద్దు. నా దగ్గరికి తిరిగొచ్చిన పార్శిళ్లు చూస్తే, కావాలని ఆట పట్టించేవాళ్లు తక్కువే. ఎక్కువ భాగం చిరునామా సరిగా లేకనో, చీర అవసరం దాటిపోయాకనో, అసలు వాళ్ల ఇంటికి ఎవరూ పోకుండానో తిరిగొస్తాయి. ఈ మూడింటికీ మందు వేరు వేరు.

చిరునామా సంగతి మన రాయలసీమకి ప్రత్యేకంగా చెప్పాలి. పట్నంలో డోర్ నంబరు, వీధి ఉంటాయి. మనకి వచ్చే చిరునామా "కొత్తపల్లి, రామాలయం పక్కన" అని ఉంటుంది. కొత్తపల్లులు ఎన్ని లేవు! మండలం రాయకపోతే కొరియర్ కుర్రాడు ఏ ఊరికి పోవాలి? ఇక్కడ చూడాల్సింది పిన్‌కోడ్. మన వైపు మొదటి మూడంకెలు చూస్తేనే సగం తెలిసిపోతుంది. 515 అంటే అనంతపురం వైపు, 516 అంటే కడప వైపు, 518 అంటే కర్నూలు వైపు. చిరునామాలో ఎమ్మిగనూరు అని ఉండి పిన్‌కోడ్ 516తో మొదలైతే రెండింట్లో ఒకటి తప్పని అర్థం. ఆ పార్శిల్ పంపే ముందే ఫోన్ చెయ్యాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా పాత పిన్‌కోడ్‌లు అలాగే ఉన్నాయి. కాబట్టి నంద్యాల జిల్లా అని రాసి 518 ఉంటే, హిందూపురం వాళ్లు శ్రీ సత్యసాయి జిల్లా అని రాసి 515 ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఆర్డర్ ఫారంలో మండలం పేరుకి, దగ్గరి గుర్తుకి వేరే గళ్లు పెట్టి, అవి నింపనిదే ఆర్డర్ ముందుకు పోకుండా చెయ్యి. గంటలో అయిపోయే పని. ఆ గళ్లు పెట్టాక "చిరునామా అసంపూర్ణం" అని తిరిగొచ్చేవి నా షాపులో బాగా తగ్గాయి.

రెండోదానికి ఒక ఆర్డర్ కథ చెప్పు. శ్రావణంలో ప్రతి ఏడూ జరిగేదే. వరలక్ష్మీ వ్రతం శుక్రవారం. ఆదోని నుంచి ఒకామె మంగళవారం రాత్రి చీర ఆర్డర్ పెట్టింది. ముదురాకుపచ్చ, ఎర్ర అంచు. బుధవారం సాయంత్రం కొరియర్ వాళ్లు మన దగ్గర తీసుకున్నారు. పార్శిల్ కడప నుంచి నేరుగా ఆదోనికి పోదు. ముందు కొరియర్ వాళ్ల పెద్ద గోడౌన్‌కి, అక్కడ వేరు చేశాక ఇంకో ఊరికి, ఆ తర్వాతే ఆదోనికి. శనివారం మధ్యాహ్నం ఆమె గుమ్మం ముందుకు వచ్చింది. ఆమె చీర చూడనైనా చూడలేదు. "వ్రతం అయిపోయింది నాయనా, ఇంకెందుకు" అంది. ఇందులో ఆమె తప్పేముంది? శుక్రవారానికి కావాలని ఆమె అడగలేదు, రాదని మనమూ చెప్పలేదు.

అందుకే పంపే ముందు ఒక ఫోన్ కాల్. దీన్ని చాలామంది "ఆర్డర్ కన్ఫర్మేనా?" అని ఒక్క ముక్కలో అడిగి పెట్టేస్తారు. దానికి అవతలి వాళ్లు కూడా "ఆ" అని పెట్టేస్తారు, మనకేమీ తెలియదు. ఇలా అడిగి చూడు: "అమ్మా, కడప నుంచి మాట్లాడుతున్నా. ముదురాకుపచ్చ మాధవరం చీర, ఎర్ర అంచు, 1,150 రూపాయలు. శనివారానికి వస్తుంది. ఆ రోజు ఇంట్లో ఎవరుంటారు?" రంగు, ధర, రోజు మూడూ చెప్పి, అవునని కాకుండా మాటల్లో జవాబు చెప్పాల్సిన ప్రశ్నతో ముగించాలి. కొనే ఉద్దేశం ఉన్నామె "మా అత్త ఉంటుంది, ఆమె దగ్గర డబ్బు పెట్టి పోతా" అంటుంది. ఆ పార్శిల్ తిరిగి రాదు. "శనివారమా? శుక్రవారం పొద్దున పూజ ఉందే" అంటే అక్కడే తేలిపోతుంది. ఆర్డర్ రద్దు చేసుకోమను, లేదా పండగ తర్వాత పంపనా అని అడుగు. ఆ ఫోన్‌తో 310 మిగిలింది, ఆమెకి మన మీద గౌరవమూ మిగిలింది. రెండుసార్లు చేసినా ఫోన్ ఎత్తకపోతే, వాట్సాప్‌లో రాసినా చూడకపోతే, ఆ పార్శిల్ పంపకుండా ఆపు. ఫోన్ ఎత్తని మనిషి డెలివరీ కుర్రాడి ఫోన్ మాత్రం ఎందుకు ఎత్తుతుంది?

మూడో కారణం చెప్పేటప్పుడు ఏ కొరియర్ పేరూ ఎత్తొద్దు. మన కొరియర్ పేజీలో "కస్టమర్ అందుబాటులో లేరు" అని పడుతుంది. అది కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు కాదు. ఎండలో ఎనభై పార్శిళ్లు మోసుకు తిరిగే కుర్రాడు, దూరంగా ఉన్న ఊరికి పోలేక అలా నొక్కేసిన సందర్భాలు నేను చూశాను. కనిపెట్టడం కష్టమేం కాదు. అలా నమోదైన సమయం చూడు. రాత్రి తొమ్మిదిన్నరకి పడిందంటే అనుమానించు. ఒకే ఊళ్లో నీ రెండు మూడు పార్శిళ్లకి ఒకే నిమిషంలో అదే మాట పడిందంటే ఇంకా అనుమానించు. వెంటనే కొన్నామెకి ఫోన్ చేసి "ఈరోజు మీకు కొరియర్ నుంచి కాల్ వచ్చిందా?" అని అడుగు. రాలేదంటే ఆమె కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీసుకుని, అదే రోజు కొరియర్ వాళ్లకి ఫిర్యాదు పెట్టి మళ్లీ డెలివరీకి పంపమని అడుగు. చాలా కొరియర్లు మూడుసార్లు ప్రయత్నించాక పార్శిల్‌ని వెనక్కి తిప్పేస్తాయి. ఒకసారి వెనక్కి తిరిగిందంటే మధ్యలో ఆపడం దాదాపు కుదరదు. అందుకే రోజూ సాయంత్రం ఆ లిస్టు తెరిచి చూడాలి. వారానికోసారి చూస్తే లాభం లేదు.

ఇక ముందుగానే డబ్బు కట్టించుకోవడం. క్లబ్‌లో ఎక్కువమందికి నచ్చే భాగం ఇదే, ఎందుకంటే లెక్క మామూలు ఊహకి ఎదురుగా వస్తుంది. ముందు కట్టేవాళ్లకి 50 తగ్గించి 1,100కి ఇచ్చావనుకో. వసూలు రుసుము 40 పోయి, దాని బదులు పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 26 రూపాయలు పడుతుంది. మిగిలేది 104. మొదట చూస్తే 140 కన్నా తక్కువే కదా, డిస్కౌంట్ ఎందుకివ్వాలి అనిపిస్తుంది. కానీ క్యాష్ ఆన్ డెలివరీలో ఆ 140 అన్ని ఆర్డర్లకీ రాదు. ఇరవై శాతం తిరిగొచ్చే షాపులో వంద ఆర్డర్లకి మిగిలింది 5,000 అని బోర్డు మీద ఉంది చూడు, అంటే సగటున ఒక్కో ఆర్డర్‌కి 50 రూపాయలే. ముందే డబ్బు కట్టినామె చీర తీసుకోకుండా వెనక్కి పంపడం చాలా అరుదు. కాబట్టి 50 తగ్గించి ఇచ్చినా మనకి రెట్టింపు మిగులుతోంది.

అయితే దీనికి హద్దు ఉంది, దాన్ని దాచకుండా చెప్పు. కొత్త పేజీని చూసి ముక్కూ మొహం తెలియనివాళ్లకి 1,100 ముందుగా పంపమంటే ఎవరైనా వెనకాడతారు. అందులోనూ పల్లెల్లో ఫోన్‌పే కొడుకు చేతిలోనో భర్త చేతిలోనో ఉంటుంది, కొనుక్కునేది మాత్రం ఆమె. నాకు పనిచేసింది మధ్యే మార్గం: 100 రూపాయలు ముందు, మిగతాది చీర చేతికొచ్చాక. వంద కట్టినామె డెలివరీ రోజున ఇంట్లో ఉండేలా చూసుకుంటుంది. ఇది పెట్టగానే ఆర్డర్ల సంఖ్య తగ్గుతుంది, అది చూసి చాలామందికి టెన్షన్ పట్టుకుంటుంది. అప్పుడు చూడాల్సింది వచ్చిన ఆర్డర్లు కాదు, చేరిన ఆర్డర్లు. ఒక నెల పాత పద్ధతి, ఒక నెల కొత్త పద్ధతి పెట్టి, చేతికి మిగిలిన డబ్బుని పోల్చి చూడమని చెప్పు. పండగ నెలని మామూలు నెలతో మాత్రం పోల్చకూడదు, శ్రావణంతో ఆషాఢాన్ని పోలిస్తే ఏ పద్ధతైనా మంచిదిగానే కనపడుతుంది.

చీర నచ్చలేదని, రంగు వేరుగా ఉందని తీసుకున్నాక వెనక్కి పంపేవి వేరే జాతి. వాటికి పగటి వెలుతురులో తీసిన ఫొటో, బ్లౌజు ముక్క ఉందో లేదో రాయడం లాంటివి కావాలి. ఐదు నిమిషాల్లో ఈ రెండింటినీ కలపొద్దు, ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పు.

వేదిక మీదికి తిరిగొచ్చిన పార్శిల్ ఒకటి తీసుకెళ్లు, తెరవకుండా. దాని మీద మన స్టిక్కరు, దాని మీద అడ్డంగా అతికించిన రిటర్న్ స్టిక్కరు, మూల మీద పెన్నుతో గీకిన రెండు తేదీలు ఉంటాయి. కొన్నామె పేరు, ఫోన్ నంబరు, చిరునామా కనపడకుండా ముందే నల్ల టేపు వెయ్యి. ఇప్పుడు ఫోన్లతో అందరూ ఫొటోలు తీస్తారు, ఆమె వివరాలు గ్రూపుల్లోకి పోకూడదు. దాన్ని చేత్తో పట్టుకుని ఇలా మొదలుపెట్టు:

"ఈ పార్శిల్ కడప నుంచి ఆదోనికి వెళ్లి, మళ్లీ కడపకే వచ్చింది. లోపల చీర అలాగే ఉంది. చిరగలేదు, మరక పడలేదు. అయినా దీని మీద నాకు 310 రూపాయలు పోయాయి. అవి ఎక్కడెక్కడ పోయాయో బోర్డు మీద రాస్తాను."

నమస్కారాలు, నీ పరిచయం, క్లబ్ వాళ్లకి కృతజ్ఞతలు అన్నీ నిన్ను పిలిచేవాళ్లు ఎలాగూ చెప్తారు, నేరుగా ఇక్కడికి వచ్చెయ్. లెక్కకి రెండు నిమిషాలు ఇవ్వు. ఆదోని ఆర్డర్ కథకి, ఫోన్‌లో ఏమడగాలో చెప్పడానికి కలిపి ఒకటిన్నర నిమిషం. పిన్‌కోడ్‌కి అర నిమిషం. మిగిలింది ముందు చెల్లింపు లెక్కకి. సమయం అయిపోతోందని అనిపిస్తే పిన్‌కోడ్ వదిలెయ్, లెక్క మాత్రం వదలొద్దు. బోర్డు మీద అంకెలు పెద్దగా, ఒకదాని కింద ఒకటి రాయి, చివరి బెంచీకి కనపడాలి.

ప్రశ్నలు కచ్చితంగా వస్తాయి. "అయితే క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా ఎందుకు ఆపెయ్యవు?" అని ఒకరు అడుగుతారు. పాత కస్టమర్లు, వాళ్లు చెప్పగా వచ్చినవాళ్లు చాలినంత ఉన్నప్పుడు ఆపొచ్చు, మొదటి ఏడాదిలోనే ఆపితే కొత్తవాళ్లు రారు అని చెప్పు. ఈలోగా నీ రిటర్నుల లిస్టుని పిన్‌కోడ్ వారీగా వేరు చేసి, పదే పదే తిరిగొచ్చే చోట్లకి మాత్రం ముందు చెల్లింపు ఒక్కటే పెట్టొచ్చు.

జీఎస్టీ గురించి కూడా అడుగుతారు. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మాలంటే టర్నోవర్ ఎంత తక్కువైనా సాధారణంగా రిజిస్ట్రేషన్ ఉండాలి, నోటిఫికేషన్‌లో ఉన్న కొన్ని హస్తకళా వస్తువులకి షరతులతో మినహాయింపు ఉంది. బళ్లారి నుంచి ఆర్డర్ వచ్చినా అది వేరే రాష్ట్రమే. నీ సరుకు ఏ కోవలోకి వస్తుందో ఆడిటర్‌ని అడిగి పెట్టుకుని వేదిక ఎక్కు. ఇంకొకరు "నెలకి నీకెంత మిగులుతుంది?" అని సూటిగా అడుగుతారు. అమ్మకాల మొత్తం చెప్పి ఊరుకోకు. చేరినవెన్ని, తిరిగొచ్చినవెన్ని, చివరికి మిగిలింది ఎంత, ఈ మూడు అంకెలూ పోయిన నెలవి ఒక చీటీ మీద రాసుకుని వెళ్లు.